గీతలు లేని పట్టికలో గడులు ఎక్కడుంటాయి?

లింగంపల్లిలో బయలుదేరి బోరబండ మీదుగా వచ్చే ఎంఎంటీఎస్ రైళ్లు చాలావరకు బేగంపేట వరకు ఒకే దారిన నడుస్తాయి. ఆ తర్వాత కొన్ని నెక్లెస్ రోడ్, ఖైరతాబాద్, లక్డీకాపూల్ మీదుగా నాంపల్లిలోని హైదరాబాద్ స్టేషనుకు పోతాయి, కొన్ని సంజీవయ్య పార్క్, జేమ్స్ స్ట్రీట్ మీదుగా సికింద్రాబాదుకు మళ్లుతాయి. 2003 ఆగస్టులో మొదలైన ఈ సర్వీసుల వేళలను ఒకే పట్టికలో అచ్చు వేయవలసి వచ్చినప్పుడు, స్టేషన్ల పేర్లను ఎడమవైపు ఒకదాని కింద ఒకటిగా పేర్చి, ఒక్కో బండికి ఒక్కో నిలువు వరుస కేటాయించి, బండి వెళ్లని స్టేషన్ ఎదుట చోటును ఖాళీగా వదిలేయడం సహజమైన పద్ధతి. అటువంటి పట్టికలో గీతలు లేకపోయినా ప్రయాణికుడు తడబడడు. అతని కన్ను 7.44 అనే అంకె నుంచి నిటారుగా పైకి పాకి, అది రెండో బండి తాలూకు వేళ అని క్షణంలో తేల్చుకుంటుంది.

అదే పట్టికను కంప్యూటరులోకి ఎక్కించి, ప్రతి వేళనూ దాని స్టేషనుకూ దాని బండికీ జతచేసి వేర్వేరు గడుల్లో నింపమంటే పని ఒక్కసారిగా కష్టమవుతుంది, ఎందుకంటే కాగితం మీద ఉన్నవి అక్షరాలూ అంకెలూ మాత్రమే, గడి అనేది ఎక్కడా అచ్చు కాలేదు. గీతలున్న పట్టికలో అడ్డగీతా నిలువుగీతా కలిసే మూలలను పట్టుకుంటే గడి దొరుకుతుంది. గీతలు లేనిచోట గడిని ఖాళీ జాగా నుంచే రాబట్టాలి. పీడీఎఫ్‌ల నుంచి పట్టికలను వేరుచేసే ట్యాబులా, కేమ్‌లాట్ వంటి సాధనాలు ఈ రెండు పరిస్థితులకూ రెండు వేర్వేరు పద్ధతులు పెట్టుకున్నాయి. గీతలున్నవాటికి లాటిస్, లేనివాటికి స్ట్రీమ్ అని పేర్లు.

## ఖాళీల దగ్గర కోస్తే ఏమవుతుంది

కింది పట్టికలో స్టేషన్ల పేర్లు, వాటి క్రమం, దారి చీలే చోటు నిజమైనవే కానీ, వేళలు వివరణ కోసం కూర్చినవి. కొన్ని స్టేషన్లను కుదింపు కోసం వదిలేయడం జరిగింది. ప్రతి అక్షరానికీ ఒకే వెడల్పు ఉండే పాతకాలపు ప్రింటరు అచ్చులో ఇది ఇలా కనిపిస్తుంది.

```
LINGAMPALLI             6.05   7.10   8.30   9.50
HITEC CITY              6.15   7.20   8.40  10.00
BORABANDA               6.20   7.25   8.45  10.05
NATURE CURE HOSPITAL    6.29   7.34   8.54  10.14
BEGUMPET                6.33   7.38   8.58  10.18
KHAIRATABAD             6.40          9.05
HYDERABAD               6.52          9.17
JAMES STREET                   7.44         10.24
SECUNDERABAD                   7.55         10.35
```

ఎవరికైనా మొదట తట్టే ఉపాయం, ప్రతి వరుసనూ ఖాళీ కనిపించిన చోటల్లా కోసివేయడం. లింగంపల్లి వరుస ఐదు ముక్కలుగా చక్కగా విడిపోతుంది, కానీ హైటెక్ సిటీ వరుస ఆరు ముక్కలవుతుంది, నేచర్ క్యూర్ హాస్పిటల్ వరుస ఏడు ముక్కలవుతుంది, ఎందుకంటే పేరులోని మాటల మధ్య ఖాళీకీ, రెండు నిలువు వరుసల మధ్య ఖాళీకీ ఈ పద్ధతిలో తేడా లేదు. ఈ తప్పు పెద్దగా హాని చేయదు, ఎందుకంటే ముక్కల లెక్క కుదరకపోవడంతో వెంటనే బయటపడుతుంది.

అసలు ప్రమాదం దాని తర్వాత చేసే దిద్దుబాటులో ఉంది. పేరులోని మాటల మధ్య ఒక్క ఖాళీయే ఉంటుంది గనుక, రెండు లేదా అంతకంటే ఎక్కువ ఖాళీలు వరుసగా వచ్చినచోట మాత్రమే కోయాలని నియమం పెడితే, మొదటి ఐదు వరుసలూ ఒక్కొక్కటి సరిగ్గా ఐదు ముక్కలవుతాయి. పని ముగిసిందనిపిస్తుంది. అయితే ఖైరతాబాద్ వరుసలో 6.40కీ 9.05కీ మధ్య ఉన్న పది ఖాళీలు కూడా ఈ నియమం ప్రకారం ఒక్క కోతే. మధ్యలో ఒక గడి ఖాళీగా ఉందన్న సంగతి ఆ కోతతోనే చెరిగిపోయి, మూడో బండి వేళ అయిన 9.05 రెండో బండి గడిలోకి జారుకుంటుంది. జేమ్స్ స్ట్రీట్ వరుసలో 7.44 మొదటి బండికీ, 10.24 రెండో బండికీ చేరతాయి.

ఫలితాన్ని చదివి చూస్తే తప్పు ఎంత మర్యాదగా కనిపిస్తుందో అర్థమవుతుంది. బోరబండలో 6.20కి ఎక్కే మొదటి బండి 6.33కి బేగంపేట, 6.40కి ఖైరతాబాద్, 6.52కి నాంపల్లి చేరి, 7.44కి జేమ్స్ స్ట్రీట్, 7.55కి సికింద్రాబాద్ చేరుతుందని తేలుతుంది. అంకెలన్నీ అసలైన అంకెలే, ఒక్కటీ పోలేదు, ఒక్కటీ మారలేదు, పైగా పై నుంచి కిందికి వేళలు పెరుగుతూనే ఉన్నాయి. సికింద్రాబాదుకు పోవలసిన మనిషిని మాత్రం నాంపల్లి బండి ఎక్కిస్తుంది.

ఇక్కడ తప్పు ఎక్కువ ఖాళీలు, తక్కువ ఖాళీలు అన్న కొలతలో లేదు. ఒక్క వరుసను విడిగా తీసుకుని అందులో ఎన్ని నిలువు వరుసలున్నాయో తేల్చాలనుకోవడమే తప్పు. జేమ్స్ స్ట్రీట్ వరుసను మాత్రమే కత్తిరించి చేతికిస్తే, 7.44 ఎన్నో బండిదో మనిషి కూడా చెప్పలేడు. దానికి పైన ఏముందో చూడాలి. నిలువు వరుస అనేది వరుసకు చెందిన గుణం కాదు, పుట మొత్తానికి చెందిన గుణం.

## తెల్ల కాలువలు

పుట మొత్తాన్ని ఒకేసారి చూడడమంటే యంత్రం చేసే పని ఇది. వరుసలన్నింటినీ ఒకదాని మీద ఒకటి పేర్చి, వెనుక దీపం పెట్టినట్టు ఊహించుకోవచ్చు. ఏ ఒక్క వరుసలోనైనా అక్షరం ఉన్న చోట వెలుతురు అడ్డుపడుతుంది, ఏ వరుసలోనూ అక్షరం లేని చోట మాత్రమే వెలుతురు నేరుగా ఇవతలికి వస్తుంది. అలా పై నుంచి కిందిదాకా తెగకుండా సాగే ఖాళీ దారిని తెల్ల కాలువ అనుకుంటే, నిలువు వరుసల సరిహద్దులు ఆ కాలువలే. పైథాన్ భాషలో ఈ పని రెండు పంక్తులకు మించదు.

```python
rows = [r.ljust(49) for r in text.splitlines()]
blank = [all(r[i] == " " for r in rows) for i in range(49)]
```

మొదటి పంక్తి ప్రతి వరుసనూ 49 అక్షరాల పొడవుకు సమం చేస్తుంది, రెండోది ఒక్కో స్థానంలో అన్ని వరుసలూ ఖాళీగా ఉన్నాయా అని అడుగుతుంది. పై పట్టికకు వచ్చే జవాబులో, స్థానాలను ఒకటి నుంచి లెక్కపెడితే, నాలుగు కాలువలు దొరుకుతాయి: 21 నుంచి 24 వరకు, 29 నుంచి 31 వరకు, 36 నుంచి 38 వరకు, 43, 44. నాలుగు కాలువల మధ్యా చివరలా ఐదు నిలువు వరుసలు. ఇప్పుడు ఖైరతాబాద్ వరుసను ఇవే కాలువల దగ్గర కోస్తే 32 నుంచి 35 వరకు ఉన్న చోటు ఖాళీ గడిగా, దాని స్థానంలో అదే ఉండిపోతుంది, 9.05 మూడో బండిని వదిలి పోదు.

హైటెక్ సిటీ అనే పేరులోని ఆరో స్థానం ఖాళీయే అయినా అది కాలువ కాలేకపోవడానికి కారణం, పైనున్న లింగంపల్లి, కిందనున్న బోరబండ పేర్లలో అదే స్థానంలో అక్షరాలు ఉండడం. మాటల మధ్య ఖాళీలు ఒక్కో పేరులో ఒక్కోచోట పడతాయి గనుక ఒకదాన్నొకటి పూడ్చుకుంటాయి, నిలువు వరుసల మధ్య ఖాళీలు మాత్రం అన్ని వరుసల్లోనూ ఒకేచోట పడతాయి. ఈ పద్ధతి బలమంతా ఆ తేడాలోనే ఉంది.

దాని బలహీనతా అక్కడే ఉంది. ఇదే పట్టిక నుంచి హైటెక్ సిటీ, జేమ్స్ స్ట్రీట్ అనే రెండు వరుసలనే తీసుకుంటే, ఆ రెండు పేర్లలోనూ ఆంగ్లంలో మొదటి మాటకు ఐదు అక్షరాలే కాబట్టి, ఆరో స్థానం రెండింటిలోనూ ఖాళీ అవుతుంది, పేరును నిలువునా చీల్చే దొంగ కాలువ ఒకటి పుడుతుంది. వరుసలు తగ్గేకొద్దీ ఇలాంటి యాదృచ్ఛిక కాలువలు పెరుగుతాయి. తొమ్మిది వరుసల్లోనూ ప్రమాదం పూర్తిగా పోలేదు: నేచర్ క్యూర్ హాస్పిటల్ పేరులో చివరి మాటకు ముందున్న 12వ స్థానం కాలువ కాకుండా ఆపుతున్నవి, సరిగ్గా 12 స్థానాలు ఆక్రమించిన జేమ్స్ స్ట్రీట్, సికింద్రాబాద్ అనే రెండు పేర్లు మాత్రమే. ఆ రెండు స్టేషన్లు లేని పట్టికలో ‘హాస్పిటల్’ విడి నిలువు వరుసగా మారిపోతుంది.

అందుకే కాలువకు కనీస వెడల్పు ఒకటి నిర్ణయించి, అంతకంటే సన్ననివాటిని లెక్కలోకి తీసుకోకుండా వదిలేస్తారు. రెండు స్థానాలు అని నిర్ణయిస్తే ఈ దొంగ కాలువలు పోతాయి, 43, 44 స్థానాల అసలు కాలువ మిగులుతుంది. మూడు అని నిర్ణయిస్తే ఆ అసలు కాలువా పూడిపోయి మూడో బండి, నాలుగో బండి ఒకే గడిలో పడతాయి. నాలుగో బండి తొమ్మిదిన్నర దాటాక నడవడం వల్ల 10.00 వంటి ఐదు అక్షరాల వేళలు ఎడమవైపు ఒక స్థానం చొచ్చుకు రావడంతోనే ఆ కాలువ సన్నబడింది. అన్ని పట్టికలకూ పనికొచ్చే కనీస వెడల్పు అంటూ ఏదీ లేకపోవడానికి ఇంతకంటే తేటగా కారణం చూపనక్కరలేదు. ఏ పట్టికకు ఆ పట్టికలోని మాటల మధ్య ఖాళీని కొలిచి, దానికంటే కాస్త ఎక్కువగా నిర్ణయించుకోవాలి.

పైన ‘ఎంఎంటీఎస్ వేళలు’ వంటి శీర్షిక పుట వెడల్పునా పరచుకుని ఉంటే ఆ ఒక్క పంక్తి అన్ని కాలువలనూ పూడ్చేస్తుంది. అడుగున ఉండే సూచనలూ అంతే చేస్తాయి. కాబట్టి కాలువ పుట మొత్తం సాగాలని పట్టుబట్టకుండా, వరుసగా వచ్చే కొన్ని పంక్తులలో సాగితే చాలునని ఒప్పుకుని, అది ఎక్కడ మొదలై ఎక్కడ తెగిందో చూస్తే పట్టిక మొదలూ చివరా కూడా అదే చెబుతుంది.

> కింది నుంచి పైకి: ఇంకో దారి
>
> 1998లో జర్మనీకి చెందిన థామస్ కీనింగర్ టీ-రెక్స్ అనే పద్ధతిలో ఈ ప్రశ్నను తిరగేశారు. ఖాళీలను వెతకడానికి బదులు, ఒక మాటను తీసుకుని, పై పంక్తిలోగానీ కింది పంక్తిలోగానీ దానికి నేరుగా ఎదురుపడే మాటలన్నింటినీ దానితో ఒకే గుంపులో చేర్చి, గుంపు పెరగడం ఆగేదాకా ఇదే చేస్తూ పోవాలి. మామూలు పేరాలో మాటలు పై కింది మాటలతో ఇటుకల్లా అల్లుకుని ఒకే గుంపు అవుతాయి. పట్టికలో ఒక నిలువు వరుసలోని మాటలు పక్క నిలువు వరుసను తాకవు గనుక గుంపులు విడివిడిగా మిగులుతాయి. HITEC, CITY అనే రెండు మాటలూ పైనున్న LINGAMPALLIకి ఎదురుపడతాయి కాబట్టి ఒకే గుంపులో చేరతాయి. HOSPITAL అనే మాటకు మాత్రం పైన BORABANDAలోగానీ కింద BEGUMPETలోగానీ ఎదురుపడే అక్షరమే లేదు, అది ఒంటరిగా మిగులుతుంది. ఇటువంటి ఒంటరి మాటలను పక్క గుంపుతో కలిపే అదనపు పని ఈ పద్ధతికి తప్పనిసరి.

## ఎడమ అంచు, కుడి అంచు

అక్షరాలన్నీ ఒకే వెడల్పున ఉండే అచ్చు ఇప్పుడు అరుదు. పుస్తకాలూ కరపత్రాలూ అచ్చయ్యే అక్షరాల్లో ఒక్కోదానికి ఒక్కో వెడల్పు ఉంటుంది, అందువల్ల ‘32వ స్థానం’ అనే మాటకు అర్థం ఉండదు. పీడీఎఫ్ ఫైలులోనైతే ఖాళీ అనే గుర్తు లేకుండా కూడా ఖాళీ ఉండవచ్చు: ఫలానా అక్షరాన్ని పుటలో ఫలానా చోట ఉంచు అనే ఆదేశాల వరుసే ఆ ఫైలు, ఆ చోటును అంగుళంలో 72వ వంతు కొలతలో చెబుతుంది. `pdftotext -layout` అనే ఆదేశం ఆ కొలతలను చూసి తగినన్ని ఖాళీలు తానే కూర్చి, పై పట్టికలాంటి రూపాన్ని తిరిగి తయారుచేస్తుంది. అలా తయారుచేయడంలో కొలతల్లోని సూక్ష్మమైన తేడాలు పోతాయి కాబట్టి, నేరుగా ప్రతి మాట ఎడమ అంచు, కుడి అంచు కొలతలతో పనిచేయడం మేలు.

ఆ కొలతలు చేతికి వచ్చాక ఇంకో ఆధారం దొరుకుతుంది. పట్టిక కూర్చినవారు పేర్లను ఎడమ అంచుకు, అంకెలను కుడి అంచుకు సమంగా నిలబెడతారు. పై పట్టికలో నాలుగో బండి వేళల ఎడమ అంచులు 46 దగ్గరా 45 దగ్గరా ఉన్నాయి, కుడి అంచులు మాత్రం ఒక్కటి కూడా తప్పకుండా 49 దగ్గరే ఆగాయి. వేళల కుడి అంచులన్నింటినీ పోగుచేస్తే 28, 35, 42, 49 అనే నాలుగు చోట్లే గుంపు కడతాయి. అప్పుడు జేమ్స్ స్ట్రీట్ వరుసలో 7.44 కుడి అంచు 35 దగ్గర ఉంది గనుక అది రెండో బండిదేనని, కాలువ వెడల్పు ఎంతన్న ప్రశ్న లేకుండానే తేలుతుంది. అంచులు ఇలా ఒకే నిలువు గీత మీద వచ్చి ఆగడాన్నే కనిపించని గీతగా తీసుకునే పద్ధతిని ఫిన్లాండులోని టాంపెరే సాంకేతిక విశ్వవిద్యాలయంలో 2013లో అన్సీ నుర్మినెన్ తన పరిశోధనా వ్యాసంలో వివరంగా రాశారు. తర్వాత వచ్చిన సాధనాలు కొన్ని దాని మీదే ఆధారపడ్డాయి.

## కాగితం వంకరైతే, అక్షరానికి వత్తు ఉంటే

ఫైలు కాక కాగితమే ఉన్నప్పుడు, స్కాన్ చేసిన బొమ్మలో అక్షరాలకు బదులు నల్ల చుక్కలే ఉంటాయి, ఖాళీకి బదులు తెల్ల చుక్కలు. లెక్క అదే, కానీ కాగితం కాస్త వంకరగా పడితే చాలు లెక్క చెడుతుంది. ఒక్క డిగ్రీ వంపు ఉంటే, 200 మిల్లీమీటర్ల వెడల్పులో పంక్తి కుడి చివర మూడున్నర మిల్లీమీటర్లు పైకో కిందికో జరుగుతుంది. సాధారణ అచ్చులో ఒక పంక్తికీ తర్వాతి పంక్తికీ మధ్య దూరం నాలుగు మిల్లీమీటర్ల చిల్లర మాత్రమే కాబట్టి, బోరబండ పేరు ఎదుట నేచర్ క్యూర్ హాస్పిటల్ వేళ పడేంత తేడా అది. నిలువున కూడా అదే వంపు కాలువలను వాలుగా మార్చి పూడ్చేస్తుంది. అందుకే మొదట బొమ్మను ఎడమకూ కుడికీ కొద్దికొద్దిగా తిప్పి చూసి, పంక్తుల నలుపూ పంక్తుల మధ్య తెలుపూ ఏ కోణంలో అత్యంత స్పష్టంగా విడిపోతాయో ఆ కోణానికి సరిచేసుకోవాలి. దుమ్ము చుక్క ఒకటి కాలువలో పడినా కాలువ తెగకుండా, అతి చిన్న మచ్చలను ముందే తుడిచివేయాలి.

తెలుగులో అచ్చయిన పట్టికకు దీనిపైన మరొక చిక్కు ఉంది. ఆంగ్ల పెద్దక్షరాలు ఒకే గీత మీద నిలబడి, ఒకే ఎత్తులో ముగుస్తాయి కాబట్టి పంక్తికీ పంక్తికీ మధ్య తెల్లటి అడ్డపట్టీ దొరుకుతుంది. ‘జేమ్స్ స్ట్రీట్’ అని తెలుగులో వేస్తే వత్తులు కిందికి దిగుతాయి, గుడులు పైకి లేస్తాయి; ‘సికింద్రాబాద్’, ‘లక్డీకాపూల్’ పేర్లదీ అదే తీరు. పంక్తులు దగ్గరగా కూర్చిన పట్టికలో పై పంక్తి వత్తు కింది పంక్తి గుడిని తాకేదాకా వస్తే అడ్డపట్టీ మాయమై రెండు స్టేషన్లు ఒకే వరుస అవుతాయి. పంక్తులు దూరంగా ఉంటే, అక్షరానికి అంటుకోకుండా విడిగా నిలిచిన వత్తును యంత్రం ఇంకో చిన్న వరుసగా లెక్కపెడుతుంది. తెలుగు పట్టికలకు తగిన మార్గం, వరుసలను పేర్ల నుంచి కాక అంకెల నుంచి తేల్చడం. 6.20 వంటి అంకెలకు వత్తులూ గుడులూ ఉండవు, అవి ఒకే ఎత్తున, ఒకే గీత మీద నిలబడతాయి. అంకెల నిలువు వరుసలోనే పంక్తుల స్థానాలు కొలుచుకుని, తర్వాత పేర్లలోని ప్రతి ముక్కనూ, వత్తుతో సహా, దానికి దగ్గరగా ఉన్న పంక్తికి చేర్చాలి.

పాత డీటీపీ అక్షరాలతో తయారైన తెలుగు పీడీఎఫ్‌ల నుంచి పాఠాన్ని తీస్తే అర్థం లేని గుర్తులు రావడం చాలామందికి అనుభవమే. అక్షరాల గుర్తులు ఎలా ఉన్నా వాటి స్థానాల కొలతలు నిజమైనవే కాబట్టి, ముందు పట్టికను గడులుగా విడదీసి, ఆ తర్వాతే గడిలోని అక్షరాలను యూనికోడులోకి మార్చుకోవచ్చు. క్రమం తిరగబడితే మాత్రం నష్టమే: మార్చాక పేరు పొడవు మారిపోతుంది, ఖాళీల కొలతలూ దానితోపాటే పోతాయి.

## తప్పు జరిగిందని ఎలా తెలుస్తుంది

గడులు నిండాక సరిచూడడానికి, అంకెలు ఉన్నాయా లేవా అని లెక్కపెట్టడం చాలదు. రెండు ఖాళీల నియమంతో వచ్చిన తప్పుడు పట్టికలోనూ 28 వేళలూ ఉన్నాయి, ప్రతి నిలువు వరుసలోనూ వేళలు పెరుగుతూనే ఉన్నాయి. ఆ తప్పును పట్టించేది పక్కపక్క స్టేషన్ల మధ్య తేడా. మొదటి ఐదు వరుసల్లో ఒక స్టేషనుకూ తర్వాతిదానికీ మధ్య నాలుగు నుంచి పది నిమిషాల తేడా ఉంటే, తప్పుడు పట్టికలో రెండో బండి 7.38కి బేగంపేట విడిచి 9.05కి, అంటే గంటా 27 నిమిషాలకు, ఖైరతాబాద్ చేరుతుంది. మొదటి బండి నాంపల్లి నుంచి జేమ్స్ స్ట్రీట్ చేరడానికి 52 నిమిషాలు పడుతుంది. మూడో బండి, నాలుగో బండి బేగంపేటలోనే ఆగిపోతాయి. దారి తెలిసినవారికి ఇవి వెంటనే కంటపడతాయి, తెలియని యంత్రానికి మాత్రం ఈ నియమాలను ముందే చెప్పి ఉంచాలి.

పట్టికలోని విషయం ఏమీ తెలియకపోయినా పనిచేసే పరీక్ష ఒకటుంది: విడదీసిన గడులను వాటి నిలువు వరుసల స్థానాల్లో తిరిగి అచ్చు వేసి, ఆ అచ్చును మూలం బొమ్మ మీద పరచి చూడడం. సరైన పట్టికలో అంకె మీద అంకె కూర్చుంటుంది. జారిన పట్టికలో 9.05 ఒకచోట ఖాళీ కాగితం మీద పడుతుంది, ఇంకోచోట మూలంలోని 9.05 మీద ఏమీ పడదు.

ఈ పరీక్షకు కూడా అందని సందర్భం, పేరు ఒక పంక్తిలో పట్టక రెండో పంక్తికి దిగడం. ‘నేచర్ క్యూర్’ ఒక పంక్తిలో వేళలతో, ‘హాస్పిటల్’ తర్వాతి పంక్తిలో వేళలు లేకుండా ఉంటే, తిరిగి అచ్చువేసినా అవి అక్కడే పడతాయి. అది పై పేరుకు కొనసాగింపో, బండ్లేవీ ఆగని మరో స్టేషనో కొలతలు చెప్పవు. రెండో పంక్తి మిగతావాటికంటే పై పంక్తికి దగ్గరగా ఉంటే కొనసాగింపని ఊహించవచ్చు. అన్ని పంక్తులూ సమాన దూరంలో ఉంటే, ఆ వరుస బొమ్మను కత్తిరించి పక్కన పెట్టి, బోరబండ నుంచి బేగంపేటకు రోజూ ఆ దారిన పోయే మనిషికి చూపించడమే మిగిలిన మార్గం.